మిద్దె పాటలో తొమ్మిదో లెక్క

పెద్దమ్మకి ఇంట్లో ఉన్న పేరు రాయల్టీ. ఆ పేరు పెట్టిన ఘనత ఆవిడ చెల్లెలి కూతురు హార్మోనియం డాక్టరమ్మది. అప్పటికామె డాక్టరూ కాదు, పాడూ కాదు, పన్నెండేళ్ల వాగుడుకాయ. రేడియోలో పడవ పాట వచ్చినప్పుడల్లా పెద్దమ్మ చేస్తున్న పని ఆపేసి, "ఇది మా పాటే. మేం మిద్దెల మీద పాడుకునేవాళ్లం. వీళ్లు ఎత్తుకుపోయారు" అనేది. ఒకరోజు ఈ పిల్ల, "అయితే రాయల్టీ అడుగు పెద్దమ్మా" అంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆ పూటకే అయిపోయింది గానీ పేరు నలభై ఏళ్లుగా అంటుకునే ఉంది.

పడవ పాట తెలియనివాళ్లు లేరు. సినిమా మర్చిపోయినవాళ్లకి కూడా పాట గుర్తే. అందులో హీరో, హీరోయిన్ పడవలో ఎదురెదురుగా కూర్చుని ఉంటారు, నీళ్లు తప్ప ఏదీ కదలదు. ఆ పాటని ముప్ఫై అయిదేళ్లుగా స్టేజి మీద పాడుతూ బతికినవాడు పెద్దమ్మ తమ్ముడు, అంటే డాక్టరమ్మకి మామయ్య. పాడే ముందు ప్రతిసారీ మైకు సర్దుకుని, "శుద్ధ శాస్త్రీయమైన మధ్యమావతి రాగంలోంచి పుట్టిన ఆణిముత్యం" అని చెప్పడం ఆయన అలవాటు. ఇప్పుడాయన గొంతు అలిసిపోయింది. వచ్చే ఆదివారం ఆఖరి కచేరీ అని ప్రకటించాడు.

ఆ సందర్భంగా ఇంటిల్లిపాదీ కలిసి భోజనానికి కూర్చున్నారు. మాటల్లో పడవ పాట వచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే, "అది మాది" అంది. ఎప్పుడూ నవ్వేసే మామయ్య ఈసారి నవ్వలేదు. "అక్కా, మనవల ముందు అబద్ధాలు చెప్పకు. బాగుండదు" అన్నాడు. పెద్దమ్మ సగంలో చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ డాక్టరమ్మ హార్మోనియం రిపేరు కొట్టుకి వచ్చింది. కొట్టంటే పెద్దదేం కాదు. ఒక పొడవాటి బల్ల, గోడకి వేలాడే తిత్తులు, సీసాల్లో ఇత్తడి రీడ్లు, మూలుగుతూ కూర్చున్న నాలుగు పాత హార్మోనియంలు. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని చెప్పదలుచుకున్నది చెప్పేసింది.

"నువ్వు ఈ పెట్టెల్ని విప్పి లోపల ఏముందో చూస్తావు కదా. ఆ పాటని కూడా విప్పి చూడు. మాది అయితే అవునను. కాకపోతే నా మొహం మీదే కాదను. ఇంక జన్మలో నోరెత్తను."

"అంత మాట ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకంటే, ఇంతకాలం మీరు నవ్వారు. నిన్న వాడు అబద్ధం అన్నాడు. నవ్వు వేరు, అది వేరు."

డాక్టరమ్మకి సిగ్గేసింది. నవ్వులకి మొదలు తనే. చేతిలో ఉన్న ఆకురాయి పక్కన పెట్టి, "ఆదివారం లోపల తేలుస్తాను. ఏది తేలితే అది చెప్తాను" అంది. ఆమె మాట ఇవ్వడం అరుదు. ఇచ్చాక మాత్రం మొండిఘటం.

ఆ రోజు వచ్చిన రిపేర్లన్నీ రేపటికి తోసేసి పాత రికార్డు తెచ్చుకుని కూర్చుంది. వాక్యం వాక్యం ఆపుతూ, హార్మోనియం మెట్ల మీద వెతుకుతూ, స్వరాలు కాగితం మీద రాసుకుంది. మొదటి పాదం 'సరిమపా నిపమరీ'. రెండోది కూడా ఆ అయిదు స్వరాల్లోనే అటూ ఇటూ తిరుగుతుంది. మూడో పాదం పైకి ఎగబాకుతుంది. నాలుగో పాదాన్ని కోరస్ అందుకుంటుంది. గాంధారం లేదు, ధైవతం లేదు. మామయ్య మాట నిజమే, మధ్యమావతి లక్షణంగా ఉంది.

అయితే రెండు చోట్ల పంటికింద రాయి తగిలింది. ఒకటి తాళం. పాదానికి ఎనిమిది లెక్కలు. వేళ్ల మీద వేసుకుంటూ పోతే మూడో పాదం మాత్రం ఎనిమిదితో ఆగలేదు. తొమ్మిదో లెక్క ఒకటి ఖాళీగా ఉంది, ఆ తర్వాతే కోరస్ అందుకుంది. లెక్క తప్పానేమోనని పదిసార్లు వేసింది. పదిసార్లూ తొమ్మిదే. ఇక రెండోది, ఆ ఖాళీలో ఒకే ఒక్క ఫిడేలు మధ్యమం మీంచి రిషభానికి జారుతుంది. హార్మోనియం మీద ఆ జారుడు రానే రాదు. అది మెట్టు మెట్టుగా దిగే వాయిద్యం, జారడం దానికి చేతకాదు. ఆమె నోటితో పాడి చూసుకుంది. జారే దారిలో, రాగంలో లేని గాంధారం లీలగా తగిలింది.

రెండు వీధుల అవతల సంగీతం టీచరు ఉంది. ఆవిడ తంబురా డాక్టరమ్మ చేతిలోనే రెండుసార్లు బతికి బట్టకట్టింది. ఆ చనువుతో వెళ్లి పెద్దమ్మ సంగతి చెప్పి, కాగితం ముందు పెట్టింది. టీచరు పాటని ఒకసారి లోలోపల పాడుకుని, కళ్లజోడు తీసింది.

"చూడండి, స్వరాలు కలిశాయని ఎవరి పాట అని చెప్పలేం. ఈ అయిదు స్వరాలు గాలీ నీళ్లలాంటివి. పల్లెల్లో పాడినా వస్తాయి, గుళ్లో పాడినా వస్తాయి. మీ పెద్దమ్మ పాటా ఇదే రాగం, సినిమా పాటా ఇదే రాగం, కాబట్టి రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను."

"మరి ఏది చూడాలి?"

"రాగం చెప్పలేని దాన్ని చూడాలి. ఈ తొమ్మిదో లెక్క ఎందుకుందో ఏ శాస్త్రమూ చెప్పదు. ఈ గాంధారం మధ్యమావతిలో పడకూడదు. సినిమావాళ్లు చనువు తీసుకున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ రెండూ మీ పెద్దమ్మ పాటలో ఉంటే, అప్పుడు రండి."

సాయంత్రం పెద్దమ్మని కొట్లో కూర్చోబెట్టి, ఫోను రికార్డింగులో పెట్టి పాడమంది. ఆవిడ కళ్లు మూసుకుని బాగానే పాడింది. డాక్టరమ్మ వింటూనే రికార్డుతో పోల్చి చూసుకుంది.

పెద్దమ్మ ఎత్తుకున్న శృతి సరిగ్గా రికార్డులో సినిమా గాయని ఎత్తుకున్న శృతి, అయిదున్నర. అరవీసం తేడా లేదు. రెండో పాదం చివర గాయని వేసిన గమకం, పెద్దమ్మ కూడా అక్కడే అలాగే వేసింది. మూడో పాదం తర్వాత మరీ అన్యాయం. ఒక్క లెక్క కాదు, నాలుగు లెక్కలు ఆగింది. ఆ నాలుగు ఎక్కడివో డాక్టరమ్మకి వెంటనే తెలిసిపోయింది. స్టేజి బృందాలకి తొమ్మిది అంటే గిట్టదు. చప్పట్లు కొట్టే జనం తడబడతారు. అందుకని మామయ్య డ్రమ్మరు ఆ ఖాళీలో మూడు దెబ్బలు అదనంగా వేసి తొమ్మిదిని పన్నెండు చేస్తాడు. పెద్దమ్మ పాడింది మిద్దె పాట కాదు, సినిమా పాట కూడా కాదు. తమ్ముడి స్టేజి పాట. ముప్ఫై అయిదేళ్లు మొదటి వరసలో కూర్చుని విన్నది విన్నట్టు ఒప్పజెప్పింది.

ఇలాంటప్పుడు ఇంకొకరైతే 'అవునులే పెద్దమ్మా, మీదే' అని ఊరడించి పంపేసేవారు. డాక్టరమ్మకి ఆ గుణం లేదు. పగిలిన రీడుకి పాలిష్ పెట్టి అమ్మితే అది రెండు రోజుల్లో బయటపడుతుందని ఆమెకి తెలుసు.

"పెద్దమ్మా, నువ్వు పాడింది రేడియో పాట. మామయ్య పాట."

పెద్దమ్మ నెమ్మదిగా, "అదే నాకూ భయంగా ఉంది" అంది. "పాడుతుంటే నాకే కొత్తగా తెలిసింది. మాది ఎలా ఉండేదో నాకిప్పుడు దొరకట్లేదే. విని విని అది దీని కింద పడిపోయింది."

"అప్పట్లో ఎలా కూర్చుని పాడేవాళ్లు? ఎదురెదురుగానా?"

"కూర్చుని ఎవరు పాడారే?" పెద్దమ్మకి కోపం వచ్చింది. "మేం కూలికెళ్లినవాళ్లం. మిద్దె మీద గచ్చు పరిస్తే, సున్నం ఆరేలోపు చెక్కలతో కొట్టి గట్టిపరచాలి. పన్నెండు మందిమి వరసగా వంగి నిలబడి కొట్టేవాళ్లం. చేతులు ఒక్కసారి పడకపోతే గచ్చు ఎగుడుదిగుడు అవుతుంది. చేతులు కలవడానికే పాట. ఊరికే కూర్చుని పాడటానికి మాకేమైనా పెళ్లిచూపులా?"

డాక్టరమ్మ లేచి నిలబడింది. ఇంతసేపూ ఎంత తెలివితక్కువ పని చేసిందో ఇప్పుడర్థమైంది. తిత్తి ఊదకుండా రీడుని మోగమన్నట్టే ఉంది తన వ్యవహారం.

పక్కకొట్టు వడ్రంగి దగ్గర ఉన్న టేకు ముక్కల్లోంచి పెద్దమ్మే ఒకటి ఎంచింది. చేతికెత్తి బరువు చూసి, "ఇంకా పలచన చెయ్యి నాయనా. పిడి వంపుగా ఉండాలి, లేకపోతే నడుం విరుగుతుంది" అని దగ్గరుండి చెక్కించుకుంది. మర్నాడు పొద్దున ఎండెక్కక ముందే ఇద్దరూ కొట్టు మీదున్న మిద్దెకి ఎక్కారు. అది సిమెంటు మిద్దే అయినా, చప్పుడికి పనికొస్తుంది.

పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, వంగి, పాడకుండా పది దెబ్బలు వేసింది. పదకొండో దెబ్బకి గొంతు దానంతటదే లేచింది. శృతి అయిదున్నర నుంచి మూడుకి పడిపోయింది. వంగిన మనిషికి పై శృతిలో ఊపిరి ఎక్కడుంటుంది? గమకాలు రాలిపోయాయి. ఒక్కో లెక్క మీద ఒక్కో దెబ్బ.

*మెత్తగ కొట్టవే మేనత్త కూతురా*
*గట్టిగ కొట్టితే గచ్చు పగులునే*
*ఆరక ముందరే అద్దము చేయవే*

మూడో పాదం చివర చెక్క గాల్లోనే ఆగింది. 'హో' అని గొంతు పైనుంచి కిందికి జారింది, పిలిచినట్టు. పెద్దమ్మ రెండు కాళ్లూ వెనక్కి వేసి, కొత్తచోట దెబ్బ వేస్తూ నాలుగో పాదం అందుకుంది.

*అద్దమాయె మిద్దె ఆకాశమాయే*

డాక్టరమ్మ వేళ్ల మీద లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"పెద్దమ్మా, అక్కడ ఎందుకు ఆగావు?"

"ఎక్కడ?"

"మూడో పాదం అయ్యాక."

"ఆగకపోతే ఎలా? కొట్టిన చోటే ఎంతసేపు కొడతాం? ఇరవై నాలుగు దెబ్బలు పడితే ఆ బెత్తెడు చాలు. వెనక్కి జరగాలి. అడుగు వేసేటప్పుడు చెక్క వేస్తే పక్కదాని కాలి మీద పడుతుంది. అందుకే ముందు పాడే ఆవిడ 'హో' అని పిలుస్తుంది. అప్పుడు అందరం ఒక్కసారి జరిగి, అందరం కలిసి నాలుగోది పాడతాం." చెప్తూ చెప్తూ పెద్దమ్మ ఆగింది. "ఇదేనే. ఇదే మా పాట. దొరికింది."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఉంటే డాక్టరమ్మ ఫోను రికార్డింగు మళ్లీ పెట్టుకుని విన్నది. 'హో' జారుతున్న దారిలో ఆ గాంధారం ఉంది.

టీచరు విని తల ఊపింది, కానీ పూర్తిగా ఒప్పుకోలేదు. "తొమ్మిదికి కారణం దొరికింది. బాగుంది. కానీ ముందేది, వెనకేది? సినిమా పాట విన్నాక కూలివాళ్లు దానికి దెబ్బలు జోడించి పాడుకుని ఉండొచ్చుగా. అలాంటివి బోలెడు జరిగాయి."

పెద్దమ్మకి పెళ్లయ్యి పని మానేశాక, మొదటి బిడ్డ నడిచే రోజుల్లో ఆ సినిమా వచ్చింది. కానీ అది కూడా పెద్దమ్మ మాటే. ఆ మాట నిజమో కాదో తేల్చడానికే కదా ఈ తిరుగుడంతా. ఇంక మూడు రోజులే ఉన్నాయి. పాత వాయిద్యాలవాళ్ల చిరునామాలన్నీ రిపేరు కొట్టుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. నలుగురిని అడిగి, ఆ పాట రికార్డింగులో వాయించిన ఫిడేలాయన బతికే ఉన్నాడని పట్టుకుంది. రెండు బస్సులు మారి, నాలుగంతస్తులు ఎక్కి, తలుపు తట్టింది.

మిద్దె సంగతి ఆయనకి ఒక్క ముక్క చెప్పకూడదని దారిలోనే గట్టిగా అనుకుంది. మనం చెప్తే పెద్దవాళ్లు మొహమాటానికి అవునంటారు. అందుకే ఒక్కటే అడిగింది.

"తాతగారూ, మూడో పాదం తర్వాత ఒక లెక్క ఖాళీ ఉంటుంది. అక్కడ తబలా ఎందుకు మోగదు?"

ఫిడేలు తాతగారు పడీపడీ నవ్వాడు. "ఆ ఖాళీ మా ప్రాణం తీసింది తల్లీ. మా తబలాయన దాన్ని తప్పు లెక్క అనుకుని మర్యాదగా ఒక మొహరా, అంటే చిన్న ముక్తాయింపు, వేసి పూడ్చాడు. సంగీత దర్శకుడు వాయిద్యం ఆపించాడు. 'అక్కడ ఎవరూ వాయించొద్దు. అక్కడ వాళ్ల కాళ్లు వెనక్కి జరుగుతున్నాయి' అన్నాడు. ఎవరి కాళ్లో మాకేం తెలుసు? సినిమాలో డాన్సు ఉందేమో అనుకున్నాం. తీరా హాల్లో చూస్తే ఇద్దరూ పడవలో కదలకుండా కూర్చున్నారు. తర్వాత అడుగుదామనుకున్నాం, అడగనేలేదు."

"మరి మీ ఫిడేలు జారుడు?"

"అదీ ఆయన చెప్పిందే. నేను రాగం ప్రకారం రిషభానికి సూటిగా దిగాను. కాదన్నాడు. 'జారు, గాంధారం మీద ఆగకు, ఎవరినో పిలుస్తున్నట్టు జారు' అన్నాడు. పదిహేను సార్లు వాయించాను. ఆ నెలంతా ఆయన ఇంటి ఎదురుగా ఏదో మేడ కడుతున్నారు. చప్పుడుకి రిహార్సలు చెడిపోతోందని మేం కిటికీ మూసేవాళ్లం. ఆయన వెళ్లి మళ్లీ తెరిచేవాడు."

డాక్టరమ్మ ఆయన అనుమతి అడిగి ఆ మాటలన్నీ మళ్లీ చెప్పించి రికార్డు చేసుకుంది. కట్టే మేడ మీద ఉన్నది పెద్దమ్మ జట్టేనని దీంతో రుజువు కాదని ఆమెకి తెలుసు. మిద్దె పాటలు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి పోతూనే ఉంటాయి. కానీ ముందేదో వెనకేదో తేలిపోయింది. కాళ్లు లేని పాటలో కాళ్ల కోసం ఖాళీ వదిలాడంటే, అది కాళ్లున్న పాటలోంచి వచ్చిందే.

శనివారం సాయంత్రం మామయ్యని మిద్దె ఎక్కించింది. ఆయన మోకాళ్లని తిట్టుకుంటూ ఎక్కాడు. ఫిడేలు తాతగారి మాటలు వినిపిస్తే, "ముసలాయన, ఏదో చెప్తాడు" అన్నాడు. పాటగాడికి మాటలతో చెప్పి లాభం లేదని డాక్టరమ్మకి అర్థమైంది.

"సరే మామయ్యా. పెద్దమ్మ పాడుతుంది. నువ్వు తాళం వెయ్యి చాలు. నీకు కొట్టిన పిండే కదా."

పెద్దమ్మ వంగింది. మామయ్య దర్జాగా చప్పట్లతో తాళం అందుకున్నాడు. రెండు పాదాలు సాఫీగా నడిచాయి. మూడోది అయ్యాక ఆయన చేతులు అలవాటు కొద్దీ డ్రమ్ముల దారి పట్టాయి. పెద్దమ్మ ఒక్క అడుగు వేసి నాలుగో పాదంలోకి వెళ్లిపోయింది. ఆయన మూడు దెబ్బలు వెనకపడ్డాడు. "మళ్లీ" అన్నాడు. మళ్లీ వెనకపడ్డాడు. మూడోసారి ఆయన అక్క చేతులు చూడటం మానేసి కాళ్లు చూశాడు. కాళ్లతో పాటు తొమ్మిదో లెక్కని ఖాళీగా వదిలేశాడు. చప్పట్లు, చెక్క ఒకేసారి పడ్డాయి.

ఆయన చేతులు అలాగే కలిసి ఉండిపోయాయి. "ముప్ఫై అయిదేళ్లు," అన్నాడు. "అక్కడ ఏదో తప్పుందని ముప్ఫై అయిదేళ్లు దిద్దుతూ వచ్చాను."

పెద్దమ్మ నడుం నిలబెట్టుకుని తమ్ముడి వైపు చూసింది.

"అక్కా, నిన్ను అబద్ధాలకోరు అన్నాను. తప్పు నాది. రేపు అక్కడ డ్రమ్ము మోగదు. పాడే ముందు, ఇది మా అక్క పాట అని చెప్తాను." జేబులోంచి కచేరీ పుస్తకం, కలం తీశాడు.

"అలా చెప్తే అప్పుడు నిజంగా అబద్ధమవుతుంది" అంది పెద్దమ్మ.

"అదేంటి?"

"నాది అని నేనెప్పుడన్నాన్రా? మాది అన్నాను. మీరే రాయల్టీ అని పేరు పెట్టి నాకు అంటగట్టారు. ఆ పన్నెండు మందిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్ని. నేను నోరు మూసుకుంటే వాళ్లు లేనట్టే అయిపోతుందని అంటూ వచ్చాను. రాసుకో. పాట కట్టిందీ, 'హో' అని పిలిచిందీ ముందు నిలబడే మేస్త్రి పెళ్లాం. నడుం మీద పిల్లని కట్టుకుని పాడేది. ఆమె పక్కన నీళ్లు చల్లే అక్కచెల్లెళ్లు ఇద్దరు. తర్వాత మెల్లకన్ను వదిన. తర్వాత దగ్గుతూనే పాడే అవ్వ."

ఒక్కొక్కరినీ ఆవిడ చేత్తో చూపిస్తూ చెప్పింది, ఆ మిద్దె మీద ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడ. మామయ్య ఒక్కొక్కటే రాసుకున్నాడు. పదకొండు అయ్యాక కలం ఆపి, "మరి నువ్వు? నీ పాదం ఏది అక్కా?" అని అడిగాడు.

"నాకు విడిగా పాదం ఎక్కడిది? నాలుగోది, అందరితో పాటు. వెనక వరసలో ఎడమ చివర. ముందు పాడేంత గొంతు కాదురా నాది."

డాక్టరమ్మకి దుఃఖం ఆగలేదు. నలభై ఏళ్ల పాటు ఇంటిల్లిపాదితో మాటలు పడి ఈవిడ కాపాడుకొచ్చిన పాటలో ఈవిడ గొంతు విడిగా ఎవరికీ వినబడనేలేదు. మామయ్య పన్నెండో వరస రాసి, అక్కకి చదివి వినిపించాడు. అంతా విని పెద్దమ్మ, "అవ్వ దగ్గేదని చెప్పకు, నొచ్చుకుంటుంది" అంది. ఆయన ఆ ముక్క కొట్టేశాడు.